గ్రేడు పక్కనున్న చిన్న అంకె

కిందటేడు మొదటి సెమిస్టర్ ఫలితాలు వచ్చిన రోజు సాయంత్రం మా మేనకోడలు ఫోను పట్టుకుని వచ్చింది. ముఖం చిన్నబోయి ఉంది.

"అత్తా, నా మెమోలో తప్పు పడింది. నా లెక్క ప్రకారం 8.43 రావాలి. వీళ్ళు 7.89 వేశారు. అంతకన్నా విడ్డూరం ఏమిటంటే, నాకూ నా రూమ్మేట్‌కూ వచ్చిన గ్రేడ్లు ఒకటే. ఎన్ని ఓలు, ఎన్ని ఏ ప్లస్‌లు, ఎన్ని బీలు అని లెక్కపెట్టుకున్నాం కూడా. దానికేమో 8.64 వచ్చింది!"

కాగితం తీసి ఏడు సబ్జెక్టులూ వరుసగా రాయమన్నాను. గ్రేడు పక్కన ఇంకో అంకె ఉంటుంది, అదీ రాయమన్నాను. "అదెందుకు అత్తా, అది మార్కు కాదుగా" అంది. తప్పు జరిగింది సరిగ్గా అక్కడే. ఆ అంకె క్రెడిట్. దాన్ని పక్కన పెట్టి గ్రేడ్లు మాత్రమే చూస్తే కాలేజీ మెమో అర్థం కాదు.

తప్పు ఆ పిల్లది కాదు. మన పిల్లల్లో చాలామంది జీపీఏ అనే మాటను మొదట విన్నది పదో తరగతిలో. అప్పట్లో అక్కడ తెలుగు, లెక్కలు, సైన్సు, సోషల్ అన్నీ ఒకే తూకం. గ్రేడు పాయింట్లన్నీ కూడి, సబ్జెక్టుల సంఖ్యతో భాగిస్తే సరిపోయేది. ఈ అమ్మాయీ అదే చేసింది. ఏడు సబ్జెక్టుల పాయింట్లు కలిపితే 59, ఏడుతో భాగిస్తే 8.43. భాగహారం సరిగ్గానే చేసింది, కానీ కాలేజీలో ఏడు సబ్జెక్టులు ఏడు సమానమైన వాటాలు కావు.

క్రెడిట్ అంటే ఆ సబ్జెక్టు బరువు. ఆ బరువును ఎవరో ఇష్టం వచ్చినట్టు నిర్ణయించరు, వారానికి ఎన్ని గంటలు నడుస్తుందన్న దాన్నిబట్టి కడతారు. విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం, మనం యూజీసీ అనేది, పెట్టిన లెక్క ఇది: సెమిస్టర్ పొడవునా వారానికి ఒక గంట పాఠం గానీ ట్యుటోరియల్ గానీ ఉంటే ఒక క్రెడిట్. ల్యాబ్ అయితే రెండు గంటలకు ఒక క్రెడిట్. సిలబస్ పుస్తకంలో ప్రతి సబ్జెక్టు ఎదురుగా ఎల్, టి, పి అని మూడు గడులు కనిపిస్తాయి. అవి పాఠం గంటలు, ట్యుటోరియల్ గంటలు, ప్రాక్టికల్ గంటలు. వాటి చివర నాలుగో గడిలో క్రెడిట్లు ఉంటాయి. గణితానికి మూడు గంటల పాఠం, ఒక గంట ట్యుటోరియల్ ఉంటే 4 క్రెడిట్లు. ఫిజిక్స్ ల్యాబ్ వారానికి మూడు గంటలు జరిగితే ఒకటిన్నర.

"ల్యాబ్‌లో మూడు గంటలు నిలబడితే ఒకటిన్నరేనా?" అని పిల్లలు అడుగుతుంటారు. నాకు తోచిన సమాధానం ఇది. ల్యాబ్ పని చాలావరకు ల్యాబ్‌లోనే అయిపోతుంది, రికార్డు రాయడం ఒకటి మిగులుతుంది. పాఠం అలా కాదు. గంట విన్నదాన్ని ఇంటికొచ్చి లెక్కలు చేసుకుంటే తప్ప వంటబట్టదు. 4 క్రెడిట్ల సబ్జెక్టుకు పదిహేను వారాల్లో తరగతి గదిలోనే 60 గంటలు పోతాయి. ఇంట్లో పెట్టాల్సిన గంటలు దానికి అదనం.

ఇప్పుడు మా మేనకోడలి కాగితం చూద్దాం. గణితం 4 క్రెడిట్లు, ఫిజిక్స్ 4, ప్రోగ్రామింగ్ 3, ఇంగ్లీషు 2, వర్క్‌షాప్ 2, ఫిజిక్స్ ల్యాబ్ ఒకటిన్నర, ప్రోగ్రామింగ్ ల్యాబ్ ఒకటిన్నర. మొత్తం 18. గ్రేడ్లు పాయింట్లుగా మారే తీరు హైదరాబాద్ జేఎన్టీయూ వంటి చోట్ల ఇలా ఉంటుంది: 90, ఆపైన మార్కులొస్తే ఓ, దానికి 10 పాయింట్లు. 80 నుంచి 89 వరకు ఏ ప్లస్, 9. డెబ్బైల్లో ఏ, 8. అరవైల్లో బి ప్లస్, 7. యాభైల్లో బి, 6. నలభైల్లో సి, 5. నలభై లోపు ఎఫ్, సున్నా. యూజీసీ సూచించిన పట్టికలో సి కింద పి అని ఇంకో గ్రేడు ఉంది, దానికి 4. ఏ మార్కులకు ఏ గ్రేడన్నది విశ్వవిద్యాలయాన్నిబట్టి మారుతుంది కాబట్టి మీ మెమో వెనకవైపు ఉన్న పట్టికే మీకు ప్రమాణం.

ఈమెకు గణితంలో బి వచ్చింది. 6 పాయింట్లను 4 క్రెడిట్లతో గుణిస్తే 24. ఫిజిక్స్‌లో బి ప్లస్, ఏడు నాలుగుల 28. ప్రోగ్రామింగ్‌లో ఏ, ఎనిమిది మూళ్ళు 24. ఇంగ్లీషులో ఏ ప్లస్, 18. వర్క్‌షాప్‌లోనూ ఏ ప్లస్, ఇంకో 18. రెండు ల్యాబ్‌లలోనూ ఓ, ఒక్కోదానికి 15 చొప్పున 30. అన్నీ కూడితే 142. దాన్ని 18 క్రెడిట్లతో భాగిస్తే 7.89. మెమోలో వేసింది అదే.

ఇక రూమ్మేట్. ఆ అమ్మాయికి గణితంలో, ఫిజిక్స్‌లో ఏ ప్లస్‌లు, ఒక్కోటి 36. ప్రోగ్రామింగ్‌లో ఓ, 30. ఇంగ్లీషులో బి, 12. వర్క్‌షాప్‌లో ఏ, 16. ఫిజిక్స్ ల్యాబ్‌లో ఓ, 15. ప్రోగ్రామింగ్ ల్యాబ్‌లో బి ప్లస్, పదిన్నర. మొత్తం 155.5, భాగిస్తే 8.64. ఇద్దరికీ ఉన్నవి అవే ఏడు గ్రేడ్లు. మావాడకట్టు పిల్లకు పెద్ద గ్రేడ్లన్నీ చిన్న బరువుల మీద పడ్డాయి, ఆమెకు పెద్ద బరువుల మీద పడ్డాయి. ముప్పావు పాయింటు తేడా అక్కడినుంచే వచ్చింది.

కాగితం మీద గుణకారాలన్నీ అయ్యాక మా మేనకోడలు కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగింది, "అయితే ఇంగ్లీషుకూ ల్యాబ్ రికార్డులకూ నేను రాత్రుళ్ళు కూర్చున్నదంతా వేస్టేనా?" కాదు. కానీ ఆ వారంలోనే గణితాన్ని పక్కన పెట్టి ఉంటే ఆ బేరం నష్టమే. గణితంలో ఒక్క మెట్టు పెరిగితే 4 పాయింట్లు కలుస్తాయి. 18తో భాగిస్తే సెమిస్టర్ సగటు 0.22 పెరుగుతుంది. ల్యాబ్‌లో ఒక మెట్టు పెరిగితే కలిసేది ఒకటిన్నర పాయింటు, సగటు పెరిగేది 0.08. రెండున్నర రెట్లకు పైగా తేడా.

మెట్టు అనే మాట ఊరికే వాడలేదు. ఈ పద్ధతిలో మార్కులు ఏటవాలుగా ఎక్కవు, మెట్లుమెట్లుగా ఎక్కుతాయి. 80 వచ్చినా 89 వచ్చినా 9 పాయింట్లే. 79 వస్తే మాత్రం 8. ఒకే ఒక్క మార్కు దగ్గర మెట్టు తెగుతుంది. అందుకే రీకౌంటింగ్‌కో రీవాల్యుయేషన్‌కో డబ్బు కట్టేముందు రెండు విషయాలు చూడమని మా విద్యార్థులకు చెప్పేదాన్ని. మీ మార్కు మెట్టు అంచున ఉందా, ఆ సబ్జెక్టుకు ఎన్ని క్రెడిట్లు ఉన్నాయి? 83 వచ్చిన సబ్జెక్టులో రెండు మార్కులు కలిసినా మీ సగటు కదలదు. 59 వచ్చిన 4 క్రెడిట్ల సబ్జెక్టులో ఒక మార్కు కలిసినా కదులుతుంది. ఈ మెట్లు అందరికీ ఇలాగే ఉండవన్నది కూడా గుర్తుంచుకోవాలి. ఐఐటీల వంటి కొన్నిచోట్ల తరగతి మొత్తం ఎలా రాసిందో చూసి, దానితో పోల్చి గ్రేడు ఇచ్చే పద్ధతి ఉంది. అక్కడ 79 ఏ గ్రేడవుతుందో ముందే చెప్పలేం.

ఇప్పటిదాకా చెప్పింది ఒక్క సెమిస్టర్ సగటు, ఎస్‌జీపీఏ. సీజీపీఏ అంటే చేరిన రోజునుంచి ఇప్పటివరకు చదివిన అన్ని సెమిస్టర్లకూ కలిపి కట్టిన సగటు. ఇక్కడా పిల్లలు అదే పొరపాటు చేస్తారు, రెండు ఎస్‌జీపీఏలు కూడి రెండుతో భాగిస్తారు. సెమిస్టర్లకు కూడా బరువుంది. మా అమ్మాయి రెండో సెమిస్టర్‌లో 20 క్రెడిట్ల మీద 8.40 తెచ్చుకుంది. అంటే 168 పాయింట్లు. మొదటి సెమిస్టర్ 142తో కలిపితే 310. మొత్తం క్రెడిట్లు 38. భాగిస్తే 8.16. ఊరికే సగటు తీస్తే 8.15 వచ్చేది. ఇక్కడ తేడా వెంట్రుకవాసి, ఎందుకంటే రెండు సెమిస్టర్ల క్రెడిట్లు ఇంచుమించు సమానం. ఒక సెమిస్టర్ 24 క్రెడిట్లు, ఇంకోటి 12 క్రెడిట్లు అయినప్పుడు తేడా బాగా కనిపిస్తుంది.

సీజీపీఏ గురించి మొదటి ఏడాదివాళ్ళకు నేను ప్రత్యేకంగా చెప్పాలనుకునేది దాని జడత్వం. "ఫస్టియర్ ఎలా పోయినా పర్లేదు, థర్డియర్లో లాగేద్దాం" అన్న మాట హాస్టల్ గదుల్లో తరం తరంగా వినిపిస్తోంది. దాన్ని లెక్కవేసి చూద్దాం. బీటెక్ మొత్తానికి 160 క్రెడిట్లు అనుకోండి, ఇప్పుడు మన దగ్గర చాలా కాలేజీల్లో ఉన్నది అంతే. మొదటి ఏడాది 40 క్రెడిట్లు 6.5తో ముగించిన విద్యార్థి చివరికి 8.0 కావాలనుకుంటే మిగిలిన 120 క్రెడిట్ల మీద సగటున 8.5 తేవాలి. కష్టమే గానీ అయ్యే పనే. అదే విద్యార్థి మూడో ఏడాది చివరికి, అంటే 120 క్రెడిట్లకు, 7.2 దగ్గర ఉంటే? 160ని 8తో గుణిస్తే 1280 పాయింట్లు కావాలి. చేతిలో ఉన్నవి 864. మిగిలిన 416ను 40 క్రెడిట్ల మీద సంపాదించాలంటే సగటు 10.4 రావాలి. పదికి మించి పాయింట్లే లేవు. ఇక్కడ పట్టుదల, తెలివి ఏవీ పనిచేయవు, లెక్క ఒప్పుకోదు. క్రెడిట్లు పోగయ్యేకొద్దీ కొత్త సెమిస్టర్ సగటును కదిలించే శక్తి తగ్గిపోతుంది. సీజీపీఏ తేలిగ్గా కదిలేది మొదటి ఏడాదిలోనే.

సబ్జెక్టు పోతే ఏమవుతుంది? రెండు దెబ్బలు తగులుతాయి, వాటిని విడివిడిగా చూడాలి. మా అమ్మాయికి గణితంలో బి బదులు ఎఫ్ వచ్చి ఉంటే, ఆ 24 పాయింట్లు సున్నా అయ్యేవి. కానీ భాగించే సంఖ్య 18గానే ఉండేది. 118ని 18తో భాగిస్తే 6.56. ఇది మొదటి దెబ్బ. రెండోది, సంపాదించిన క్రెడిట్ల గడిలో 18 బదులు 14 అని పడేది. క్రెడిట్ సగం రాదు, పావు రాదు. సబ్జెక్టు పాసైతే నాలుగూ వస్తాయి, పోతే నాలుగూ పోతాయి. మొత్తం మార్కులు సరిపోయినా, సెమిస్టర్ చివరి పరీక్షలో విడిగా ఉండే కనీస మార్కు తప్పినందుకు ఎఫ్ పడేవాళ్ళూ ఉంటారు. తర్వాత సప్లీ రాసి సి తెచ్చుకుంటే 20 పాయింట్లు కలిసి ఆ సెమిస్టర్ సగటు 7.67 అవుతుంది, నాలుగు క్రెడిట్లూ ఖాతాలోకి వస్తాయి. జేఎన్టీయూ పద్ధతిలో కొత్త గ్రేడు పాత ఎఫ్ స్థానంలోకి వచ్చి లెక్క మళ్ళీ కడతారు. కొన్ని కాలేజీల మెమోల్లో మాత్రం అన్నీ పాసయ్యేదాకా ఎస్‌జీపీఏ గడి ఖాళీగానే ఉంటుంది. అది చూసి కంగారు పడనక్కర్లేదు.

పై తరగతికి పంపేటప్పుడు చూసేది చాలాచోట్ల సీజీపీఏ కాదు, ఈ సంపాదించిన క్రెడిట్లు. ఏడాది క్రెడిట్లలో ఇంత వాటా వస్తేనే రెండో ఏడాదిలోకి అన్న నిబంధన ఉంటుంది. రెండు చిన్న ల్యాబ్‌లు పోగొట్టుకున్నవాడు దాటిపోతాడు, రెండు పెద్ద సబ్జెక్టులు పోగొట్టుకున్నవాడు అంచున ఆగిపోవచ్చు. ఇద్దరికీ బ్యాక్‌లాగులు రెండే. ఎన్ని పోయాయన్నదానికన్నా ఎన్ని క్రెడిట్లు పోయాయన్నది ముందు చూసుకోండి.

మెమోలో ఇంకో వింత గడి ఉంటుంది, సున్నా క్రెడిట్ల సబ్జెక్టు. పర్యావరణ శాస్త్రమో, భారత రాజ్యాంగమో చాలా చోట్ల ఇలా పెడతారు. సున్నాతో ఏది గుణించినా సున్నా కాబట్టి సగటు మీద దాని ప్రభావం లేదు. "క్రెడిట్ లేదుగా" అని ఆ పరీక్షకు వెళ్ళనివాళ్ళను నేను చూశాను. నాలుగో ఏడాది చివర, ఉద్యోగం చేతిలో పెట్టుకుని, డిగ్రీ పట్టా కోసం ఆ ఒక్క పరీక్ష రాయడానికి మళ్ళీ వచ్చారు. సగటులో లేకపోయినా పట్టా కావాలంటే అది పాసై తీరాల్సిందే.

ఇంట్లో పెద్దవాళ్ళు అడిగే ప్రశ్న ఒకటుంది: "ఇంతకీ ఎంత శాతం?" పదితో గుణించి చెప్పేయకండి. జేఎన్టీయూ హైదరాబాద్ నిబంధన ప్రకారం సీజీపీఏలోంచి 0.5 తీసేసి పదితో గుణించాలి. ఆ అర పాయింటు ఎందుకన్నది పైన చెప్పిన మెట్లను చూస్తే తెలుస్తుంది. 80ల్లో ఏది వచ్చినా 9 ఇచ్చారు, అంటే పాయింటు మెట్టు పైఅంచును చూపిస్తోంది. అర తీసేస్తే 8.5, పదితో గుణిస్తే 85. అది ఆ మెట్టు మధ్య. అంటే ఇలా వచ్చే శాతం మీ అసలు మార్కుల శాతం కాదు, ఒక అంచనా. అన్నింట్లో 80 వచ్చినవాడికీ, అన్నింట్లో 89 వచ్చినవాడికీ ఇది 85 అనే చెబుతుంది.

అందరి సూత్రమూ ఇదే కాదు. సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ ఇచ్చిన పట్టికలో 6.75కు 60 శాతం, 7.75కు 70 శాతం, అంటే అక్కడ తీసేసేది 0.75. పాత సీబీఎస్ఈ పదో తరగతివాళ్ళు 9.5తో గుణించేవాళ్ళు. మా అమ్మాయి 8.16ను ఈ మూడు దారుల్లో పంపితే వరుసగా 76.6, 74.1, 77.52 వస్తాయి. మూడూ ఒకే చదువు. కాబట్టి దరఖాస్తులో శాతం రాసేటప్పుడు మీ విశ్వవిద్యాలయం తన నిబంధనల్లో రాసుకున్న సూత్రాన్నే వాడండి, అవసరమైతే ఆ పేజీ నకలు జతచేయండి. 60 శాతం కావాలన్న ఉద్యోగ ప్రకటనకు ఒక సూత్రంలో 6.5 సరిపోతుంది, ఇంకోదానిలో 6.75 కావాలి. ఆ పావు పాయింటు దగ్గరే తగాదాలు వస్తాయి. అమెరికా చదువుల కోసం నాలుగు పాయింట్ల కొలతలోకి మార్చుకునేవాళ్ళు కూడా 0.4తో గుణించి ఊరుకోకండి. అక్కడి మదింపు సంస్థలు చాలాసార్లు ఒక్కో సబ్జెక్టు గ్రేడు, ఒక్కో సబ్జెక్టు క్రెడిట్ తీసుకుని మొదటినుంచి లెక్క కడతాయి.

క్రెడిట్లకు ఇప్పుడు ఇంకో ఉపయోగం కూడా వచ్చింది. యూజీసీ 2021లో అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ పెట్టింది. మీరు సంపాదించిన క్రెడిట్లు మీ పేరున ఒక ఖాతాలో జమ అవుతాయి. చదువు మధ్యలో ఆపి మళ్ళీ చేరినా, కాలేజీ మారినా అవి పనికొచ్చేలా చేయాలన్నది ఉద్దేశం. జమ చేయాల్సింది విద్యాసంస్థ. అందుకని ప్రతి సెమిస్టర్ తర్వాత ఆ ఖాతా తెరిచి, మెమోలో ఉన్న క్రెడిట్లే అక్కడా ఉన్నాయా అని సరిచూసుకోవాలి. పేరులో ఒక అక్షరం తేడా ఉన్నా చిక్కే.

ఆ సాయంత్రం కాగితం మడిచేముందు మా మేనకోడలు గణితం మార్కు చూసుకుంది. 59. బి ప్లస్‌కు ఒక్క మార్కు తక్కువ. కలిస్తే 142 కాస్తా 146 అవుతుంది, సగటు 8.11. వర్క్‌షాప్‌కు కడదామనుకున్న రీవాల్యుయేషన్ ఫీజు గణితానికి కట్టింది. మార్కు మారలేదు. రెండో సెమిస్టర్ మొదలైన రోజున తను సిలబస్ పుస్తకం తెరిచి, ప్రతి సబ్జెక్టు నోట్సు అట్ట మీద పేరు పక్కనే క్రెడిట్ రాసుకుంది. మీ మెమో వచ్చిన రోజున మీరూ ఒక కాగితం తీసుకుని ఒక్కసారి ఈ గుణకారాలు మీ చేత్తో చేసి చూడండి. అందులో వచ్చిన జవాబు, మెమోలో ఉన్న అంకె ఒకటి కాకపోతే అప్పుడు పరీక్షల విభాగానికి వెళ్ళండి.